బటన్ నొక్కిన చెయ్యి ఒక్కటేనా?

డ్రిల్ చెడిపోయాక రాసే సమీక్షలో నేను మొదట వెతికేది ఒక్కటే: తప్పు ఎవరి నెత్తిన పెట్టారు? చాలాసార్లు అది అక్కడున్న వాళ్లలో అందరికంటే కింది ఉద్యోగి నెత్తినే ఉంటుంది. అతన్ని తీసేశాం, ఇక ఫైలు మూసేద్దాం అంటారు. కానీ అతన్ని ఆ తప్పు దాకా నడిపించిన ఏర్పాటు చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

హవాయి ఉదంతం చూడండి. 2018 జనవరి 13, శనివారం పొద్దున 8:07. ఆ అమెరికన్ రాష్ట్రంలో జనం ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. క్షిపణి వస్తోంది, వెంటనే ఎక్కడైనా తలదాచుకోండి, ఇది డ్రిల్ కాదు అని సందేశం. అది అబద్ధపు హెచ్చరిక అని ఫోన్లకు మరో సందేశం వచ్చేసరికి 8:45. ఆ 38 నిమిషాలు తల్లిదండ్రులు పిల్లల్ని బాత్‌టబ్బుల్లో పడుకోబెట్టి కూర్చున్నారు.

మొదట బయటికొచ్చిన కథ చాలా చిన్నది: షిఫ్టు మారేటప్పుడు ఒక ఉద్యోగి తప్పు బటన్ నొక్కాడు. తర్వాత రాష్ట్రమూ, కేంద్ర కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ కూడా విచారించి నివేదికలిచ్చాయి. వాటిలో కథ మారింది. ఆ ఉద్యోగి చెయ్యి జారి నొక్కలేదు. దాడి నిజమేననుకుని, కావాలనే పంపాడు.

ఎందుకనుకున్నాడు? రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ ముందుగా చెప్పకుండా, సరిగ్గా షిఫ్టు మారే వేళకి డ్రిల్ పెట్టాడు. అది రాత్రి షిఫ్టు వాళ్లకే అనుకున్నాడు పగటి సూపర్‌వైజర్. దాంతో తన మనుషుల్ని చూసుకోవలసిన చోట అతను లేడు. ఇక వినిపించిన రికార్డింగులో ముందూ వెనకా ‘ఎక్సర్‌సైజ్’ అని ఉంది. మధ్యలో మాత్రం ‘ఇది డ్రిల్ కాదు’ అనే వాక్యమూ ఉంది. డ్రిల్ కోసం రాసిపెట్టిన పాఠంలో ఆ వాక్యం ఉండకూడదు. కంప్యూటర్ తెర మీద కూడా ఉత్తుత్తి సందేశానికీ అసలు సందేశానికీ అడిగే ప్రశ్న ఒకటే: ఖచ్చితంగా పంపాలా? రెండో మనిషి ఒప్పుకోవాలన్న నియమం లేదు.

ఆ ఉద్యోగి అంతకుముందు కూడా డ్రిల్‌ని నిజమనుకున్న సందర్భాలున్నాయని రాష్ట్ర నివేదిక చెప్పింది. అతని ఉద్యోగం పోయింది. అది తెలిసీ ఒక్కడి వేలికే రాష్ట్రమంతటి హెచ్చరికను వదిలేయడం ఎవరి తప్పు? సంస్థ అధిపతి కూడా రాజీనామా చేయాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు వైఫల్యం హెచ్చరిక పోవడం కాదు. 8:09కే అది అబద్ధమని గవర్నర్‌కి తెలిసింది. 8:12కి సందేశం మళ్లీ మళ్లీ వెళ్లకుండా ఆపారు. కానీ అప్పటికే ఫోన్లలో పడ్డది అలాగే ఉండిపోయింది. తెలిసిన రెండు నిమిషాలకీ, అందరి ఫోన్లకీ చెప్పిన ముప్పై ఎనిమిదో నిమిషానికీ మధ్య అంత ఖాళీ ఎందుకు? ఎందుకంటే హెచ్చరిక పాఠం ముందే రాసిపెట్టి ఉంది, ‘అది అబద్ధం’ అనే పాఠం ఎవరూ రాసిపెట్టలేదు. అదే దారిలో దిద్దుబాటు పంపొచ్చో లేదో కూడా వాళ్లకి తేలలేదు. జనం ఫోన్ చేస్తే లైన్లు దొరకలేదు.

ఇప్పుడు మెరుగైనవి చూద్దాం. హెచ్చరిక పంపాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. డ్రిల్ ఉంటే సూపర్‌వైజర్లకి ముందే చెప్పాలి. దిద్దుబాటు సందేశం ముందే సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ రేపు ఎవరైనా వెళ్లి ఉందా లేదా అని చూడగలిగినవి. ‘సిబ్బందిని హెచ్చరించాం’ అన్నది అలా చూడగలిగేది కాదు. కాబట్టి దాన్ని మెరుగుదల కింద రాయకూడదు.

మీ హాస్టల్లో అగ్నిప్రమాద డ్రిల్ జరిగి, వెనక గేటు తెరుచుకోలేదనుకోండి. ‘వాచ్‌మన్ ఆలస్యం చేశాడు’ అన్న వాక్యం దగ్గర ఆగకండి. ముందు నిమిషాల వారీగా రాయండి: గంట ఎప్పుడు మోగింది, ఎవరికి ఎప్పుడు తెలిసింది, చివరి మనిషి ఎప్పుడు బయటికొచ్చాడు. తర్వాత ఒక్కో వైఫల్యం కింద ‘ఎందుకు’ అని అడగండి. ఆ గేటుకి తాళం వెయ్యమన్నదెవరు? రెండో తాళంచెవి ఎక్కడుంది? డ్రిల్ సంగతి వాచ్‌మన్‌కి చెప్పారా? అన్నిటికన్నా ముందు ఆ వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి అతను ఏం విన్నాడో, ఏం అనుకున్నాడో రాసుకోండి. శిక్ష భయం లేకపోతేనే అతను నిజం చెబుతాడు.

చివరగా, ప్రతి మెరుగుదల పక్కన ఒక పేరూ ఒక తేదీ ఉండాలి. ఆ పేరు వాచ్‌మన్‌ది కాకుండా, తాళం తీయించే అధికారం ఉన్నవాళ్లది అయ్యుండాలి.