మొదటి అరనిమిషం చప్పట్లకు కాదు



టెక్నికల్ ప్రసంగం చెయ్యడానికి వచ్చినవాళ్లు మైకు అందగానే "అందరూ ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, ఇంకా గట్టిగా" అంటున్నారు. లేకపోతే వాట్సాప్ జోకు ఒకటి వదులుతారు. నవ్వులు వస్తాయి. రెండో నిమిషానికి వెనక వరసలో ఫోన్లు వెలుగుతాయి. తను ఎందుకు వినాలో ఎవరూ చెప్పకపోతే మనిషి ఇంకేం చేస్తాడు?

స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చూడండి. "దయచేసి వినండి" అన్న వెంటనే బండి నంబరు, ఎక్కడికి వెళ్తుంది, ఏ ప్లాట్‌ఫారం. జోకు లేకపోయినా అందరూ చెవి పెడతారు. అది తమ బండి కావచ్చు కదా.

తుపాను హెచ్చరికల మీద మన బరంపురంలో ఒకరు మాట్లాడుతున్నారు అనుకోండి. "తుపాను అంటే ఏమిటి?" అని మొదలుపెడితే 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ చూసిన మనకి నిద్ర వస్తుంది. "మృత్యువు మీ గుమ్మంలో ఉంది!" అని అరిస్తే భయమే తప్ప విషయం రాదు. ఇలా మొదలుపెట్టమనండి:

"1999 సూపర్ సైక్లోన్‌కి ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. ఫైలిన్‌కి 50 మంది లోపే. మధ్యలో ఏం మారింది?"

ఇది మన ఊరి సంగతి. జవాబు కావాలంటే కూర్చోవాలి. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ రెండు తుపాన్లూ సమానం కావు. 1999లో గాలి గంటకు సుమారు 260 కిలోమీటర్లు, ఫైలిన్‌కి సుమారు 215. అప్పటి ఉప్పెన ఎర్సమ వైపు ఊళ్లనే ముంచేసింది. ఈ మాట దాచిపెట్టి చావుల లెక్క మాత్రం చెబితే అదీ చప్పట్ల అన్నలాంటి మోసమే. అందుకని వెంటనే ఇంకో మూడు వాక్యాలు కలపాలి:

"ఫైలిన్ బలం కొంత తక్కువే, తీరం దాటిన చోటూ వేరు. అయినా ముందుగానే దాదాపు 10 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ కబురు ఆఫీసు నుంచి పల్లెలో గుమ్మం దాకా ఎలా వెళ్లిందో ఇరవై నిమిషాల్లో చెబుతాను."

అంతే, అరనిమిషం అయిపోయింది. అంకె, సందేహం, హామీ మూడూ వచ్చేశాయి.

మంచి మొదలో కాదో తేల్చడానికి ఆ వాక్యాలు కొట్టేసి చూడండి. మిగతా ప్రసంగం ఏమీ కుంటుపడకపోతే అవి పైపూత. ఇంకొకటి, చివర్లో ఆ ప్రశ్నకి జవాబు దొరకాలి. చావుల లెక్కతో పిలిచి కూర్చోబెట్టి, ఉపగ్రహాల గురించి చెప్పి పంపిస్తే జనం మళ్లీ రారు.

"మరి వేదిక మీద పెద్దలకి కృతజ్ఞతలో?" అంటారు. చెప్పండి, కానీ ఈ నాలుగు మాటల తర్వాత. జోకు కూడా విషయంలోంచి పుడితే ఉండనివ్వండి.

నా డిమాండు ఒకటే. ఇకమీదట వక్త తన మొదటి నాలుగు వాక్యాలు ముందుగా రాసి సెక్రటరీ గారికి ఇవ్వాలి. అవి ఇవ్వలేనివారికి మైకు ఎందుకు ఇవ్వాలో సభ్యులే చెప్పండి.