పులిహోర స్టాలు లాభం ఎవరి చాకిరీ?

స్త్రీల ఇంటిపనికి విలువ కట్టాలని మనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. వంట, వడ్డన, అంట్లు, పిల్లల పెంపకం ఏ లెక్కలోకీ రాకపోవడం వల్లనే అవి పని కాకుండా పోయాయని సభల్లో చెబుతున్నాం. అయితే మన సంఘాలకు డబ్బు అవసరమైనప్పుడు మొదట తోచే ఆలోచన ఏమిటి? "అందరం తలా ఒకటి వండి తెచ్చి స్టాలు పెడదాం." ఆ వంటకు పట్టిన గంటలు మన సంఘం లెక్కల పుస్తకంలో కూడా కనిపించవు. పెద్ద సంస్థలకు జీతం తీసుకునే ఉద్యోగులుంటారు కాబట్టి వాళ్ళకిది పెద్ద విషయం కాకపోవచ్చు. అయిదారుగురు మనుషులతో, చేతిలో రెండు వేల రూపాయలతో నడిచే చిన్న సంఘానికి మాత్రం ఇదే అసలు విషయం. వాళ్ళ దగ్గర డబ్బు ఎలాగూ లేదు. ఉన్నది వాళ్ళ గంటలే.

కాబట్టి ఏ కార్యక్రమం పెట్టాలో తేల్చుకునే ముందు "ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "మన గంట ఒక్కింటికి ఎంత వస్తుంది?" అని అడగాలి. ఒక సంఘాన్ని ఊహించుకుందాం. జిల్లా కేంద్రంలో ఉంది. భర్త కొట్టి తరిమేసిన స్త్రీలకు కేసుల్లో తోడుంటుంది. పనిచేసేవాళ్ళు ఆరుగురు. కోర్టుకు వచ్చే స్త్రీల బస్సు ఛార్జీలకు, జిరాక్సులకు, నోటరీ ఖర్చులకు డబ్బు కావాలి. ఈ కింది అంకెలు లెక్క చేసే పద్ధతి చూపడానికి వేసుకున్నవి. ఎవరి ఊరి ధరలు వాళ్ళు పెట్టి చూసుకోవచ్చు.

మొదట తినుబండారాల స్టాలు. 150 ప్లేట్లు, ప్లేటు 60 రూపాయలు అనుకుంటే 9,000 వస్తాయి. బియ్యం, నూనె, చింతపండు, గ్యాసు, విస్తళ్ళు, ఆటో కలిపి 5,400. మిగిలేది 3,600. దీనికి ఆరుగురూ రెండు రోజుల్లో తలా 12 గంటలు పనిచేస్తే మొత్తం 72 గంటలు. అంటే గంటకు 50 రూపాయలు. వాన వచ్చి 30 ప్లేట్లు మిగిలిపోతే 1,800 తగ్గి అది 25కు పడిపోతుంది. ఇంకోలా చూద్దాం. ఇదే పనికి కూలికి మనుషుల్ని పెట్టి గంటకు 60 ఇస్తే 4,320 అవుతుంది. అప్పుడు స్టాలుకు 720 నష్టం. అంటే లాభం అనుకుంటున్నది ఆరుగురు స్త్రీలకు ఇవ్వని కూలి తప్ప వేరే ఏమీ కాదు. ఇళ్ళ నుంచి తెచ్చిన పోపు సామాను, నెయ్యి ఇందులో లెక్కే వేయలేదు. ఆ రెండు రోజులూ సంఘం తలుపు తట్టిన స్త్రీకి ఎవరు దొరికారన్నది మరో ప్రశ్న.

సాంస్కృతిక కార్యక్రమం, దానితో పాటు ప్రకటనలతో సావనీరు వేయడం రెండో అలవాటు. ఇందులో చిక్కు వేరే. హాలు, మైకు, అచ్చు ఖర్చు ముందే పెట్టాలి. ప్రకటన ఇస్తామన్న దుకాణదారుల చుట్టూ సావనీరు వచ్చాక నెలల తరబడి తిరగాలి. చేతిలో ఉన్నదానికి మించి ముందు ఖర్చు కోరే ఏ కార్యక్రమాన్నీ చిన్న సంఘం తలకెత్తుకోకూడదు. లక్కీ డ్రా టికెట్లు అమ్ముదామని కూడా ఎవరో ఒకరు అంటారు. 1998 నాటి లాటరీల చట్టం ప్రకారం లాటరీ నడిపే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. మంచి పనికోసమే అన్నా ప్రైవేటుగా నడపడం నేరమే అవుతుంది. చట్టం పేరు చెప్పి న్యాయం అడిగే సంఘం ఆ పని చేయలేదు.

ఇక నేను ప్రతిపాదించేది వాడని చీరల అమ్మకం. మధ్యతరగతి ఇళ్ళ బీరువాల్లో పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు పెట్టిన పెట్టుబడి చీరలు మడత విప్పకుండా ఉంటాయి. ఒకరు పెట్టింది ఇంకొకరికి పెట్టడం, అది మూడు నాలుగు ఇళ్ళు తిరిగి మళ్ళీ ఎక్కడో ఆగడం మనందరికీ తెలిసిందే. ఒకటి రెండుసార్లు కట్టి పక్కన పెట్టిన పట్టుచీరలూ ఉంటాయి. ఇవి డబ్బు రూపంలో లేని డబ్బు. పైగా తన పేరున ఆస్తి లేని స్త్రీ కూడా చాలావరకు ఎవర్నీ అడగకుండా ఇవ్వగలిగినవి.

పని ఇలా సాగుతుంది. ఆరుగురు తలా పది ఇళ్ళు చూసుకుంటే మూడు వారాల్లో 60 ఇళ్ళు. ఇంటికి మూడు చొప్పున 180 చీరలు. ఉతికి, మడతపెట్టినవే తీసుకుంటామని ముందే చెప్పాలి. ఉతుకుడు మనమీద పడితే గంటల లెక్క తారుమారవుతుంది. తెచ్చిన ప్రతి చీరనూ ఇద్దరు కలిసి వెలుతురులో పూర్తిగా విప్పి చూడాలి. పట్టుచీర చాలాకాలం ఒకే మడతలో ఉంటే ఆ మడత వెంటనే చిట్లుతుంది. కొంగు మీద నూనె మరకలు, భుజం దగ్గర పిన్నుల చిల్లులు కూడా విప్పితేనే కనబడతాయి. చూశాక మూడు కుప్పలు వేయాలి: పట్టువి, మామూలువి, పనికిరానివి.

పట్టుచీరల ధర దగ్గరే సంఘాలు ఎక్కువ మోసపోయే వీలుంది. పాత చీరల్లో అసలు జరీ అయితే వెండి ఉంటుంది. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవాళ్ళు కొనేది ఆ వెండి కోసమే. అంచు లోపలి వైపు ఒక జరీ పోగును గోటితో గీకి చూస్తే, అసలు జరీలో సాధారణంగా ఎర్రటి పట్టుదారం బయటపడుతుంది. నకిలీదైతే తెల్లదారమో, రాగి తీగో, ప్లాస్టిక్ పోగో కనబడుతుంది. అసలు జరీ అనిపించినవాటికి ఇద్దరు వ్యాపారుల దగ్గర ధర అడిగి, అంతకు తక్కువకు అమ్మకూడదు.

అమ్మకానికి ఆదివారం ఖాళీగా ఉండే బడి గదో, అపార్టుమెంటు కింది హాలో అద్దె లేకుండా అడిగి తీసుకోవాలి. దండేలు కట్టి చీరలు వేలాడదీయాలి. ధరలు రెండు మూడు రకాలకు మించకూడదు. ఎక్కువ రకాలు పెడితే రోజంతా బేరాలతోనే పోతుంది. ధర చీటీ అంటిస్తే జిగురు మరక పడుతుంది. దానికి బదులు రంగు దారం కొంగుకు కట్టి, ఏ రంగు ఎంతో గోడ మీద రాస్తే చాలు. చివరి గంటలో సగం ధర. ఒక నియమం మాత్రం కచ్చితంగా ఉండాలి. మన కార్యకర్తలు తలుపులు తెరిచిన రెండు గంటల తర్వాతే కొనుక్కోవాలి. మంచి చీరలన్నీ ముందే లోపలివాళ్ళు తీసుకున్నారన్న మాట ఒకసారి బయటికి వెళ్తే మరుసటి ఏడు ఏ ఇల్లూ చీర ఇవ్వదు.

180లో పనికిరానివి 40, పట్టువి 20, మామూలువి 120 అనుకుందాం. పట్టువి 14 అమ్ముడై ఒక్కోటి 800 చొప్పున 11,200. మామూలువి 90 అమ్ముడై 150 చొప్పున 13,500. మొత్తం 24,700. దారం, పిన్నులు, సంచులు, ఆటో, రసీదు పుస్తకం కలిపి 1,200 తీసేస్తే 23,500. ఇళ్ళు తిరగడానికి 30 గంటలు, చూసి వేరుచేయడానికి 20, అమ్మకం రోజు ఆరుగురికి 36, లెక్కలకు, మిగిలినవి సర్దడానికి 8. మొత్తం 94 గంటలు. గంటకు 250 రూపాయలు. స్టాలుకు అయిదు రెట్లు. అమ్ముడుపోకపోయినా చీర పులిహోరలా పాడుకాదు కూడా.

డబ్బు తీసుకునే చోట రెండు జాగ్రత్తలు అవసరం. ఫోనులో చెల్లించే క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాది అయి ఉండాలి, ఏ కార్యకర్త సొంత ఖాతాదీ కాకూడదు. చీర కొనకుండా విరాళమే పంపుతామనే అమెరికా బంధువులు చాలా ఇళ్ళలో ఉంటారు. వాళ్ళు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, రూపాయల్లో పంపినా అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద నమోదు కాని సంఘం దాన్ని తీసుకోకూడదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే ఆ ఇబ్బంది లేదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఏడాదికి ఒకసారికి మించి అవే ఇళ్ళను అడగలేం. మొదటి వారంలో వచ్చినవాటిలో సగం పనికిరానివైతే మన మాట ఇళ్ళకు సరిగా చేరలేదని అర్థం. వెంటనే మళ్ళీ చెప్పాలి. మిగిలిన నూలు చీరలు బొంతలు కుట్టేవాళ్ళు తీసుకుంటారు. సిల్కు పేరుతో అమ్మే పాలియెస్టర్ చీరలు వాళ్ళకూ అక్కర్లేదు. వాటిని బస్తీలో పంచేసి దాన్ని సేవ అనుకోవడం సరికాదు. మనకు చెత్త అయింది వాళ్ళకు కానుక ఎలా అవుతుంది?

దీనికన్నా పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది. పండగకు పాత చీర ఇవ్వడం ఇంటిపని చేసే స్త్రీ జీతంలో ఒక భాగంగా చాలా ఇళ్ళలో నడుస్తోంది. విడిచిన బట్టలు ఎవరు ఇస్తారు, ఎవరు కట్టుకుంటారు అన్నదాని వెనుక కులం ఉంది. ఆ ఆచారాన్ని నేను సమర్థించడం లేదు. ఆమెకు రావలసింది పాత చీర కాదు, సరైన జీతం, పండగ బోనసు. కానీ ఆ జీతం పెరగకుండా చీర మాత్రం మన సంఘానికి వస్తే, మన నిధి ఆమె జేబులోంచి వచ్చినట్టే. అందుకే ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "మీ ఇంట్లో పనిచేసే ఆమెకు ఇవ్వాలనుకున్నది ఆమెకే ఇవ్వండి. మడత విప్పనివి, బీరువాలో పడి ఉన్నవి మాకివ్వండి." అమ్మకానికి ఆమె కూడా వస్తే ధర చెల్లించి నచ్చిన చీర ఏరుకుంటుంది, అందరితోపాటు.

కార్యక్రమం ఏదైనా సరే, జమాఖర్చుల పుస్తకంలో మూడో గడి ఒకటి గీయమని నా సూచన. జమ, ఖర్చు, పక్కన గంటలు. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో పేర్లతో రాయాలి. ఏడాది చివర ఆ గడి చూస్తే వచ్చే ఏడు ఏది మానుకోవాలో తెలుస్తుంది. ప్రతిసారీ ఇద్దరి పేర్లే నిండి ఉంటే అది కూడా తెలుస్తుంది. అప్పుడు సర్వసభ్య సమావేశంలో మాట్లాడవలసింది నిధి గురించి కాదు, ఆ ఇద్దరి గురించి.