కట్టిస్తాడా, కట్టి ఇస్తాడా?

"పెద్దాయన కూతురికి ఇల్లు కట్టిస్తానన్నాడు." ఒక కథలో ఈ వాక్యం ఉన్నదనుకోండి. రచయిత ఉద్దేశం "కట్టి ఇస్తాను అన్నాడు" అని. నోటితో అనేటప్పుడు కలిపే అంటాము గనుక కలిపి వ్రాశాడు. ఈ కలయిక ఒప్పా, తప్పా?

ఈ ఒక్క పదంలో రెండు సంధులున్నాయి. రెండవదానితో పేచీ లేదు. ఇస్తాను + అన్నాడు = ఇస్తానన్నాడు. హ్రస్వ ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యమని మనం బడిలో చదువుకున్నదే. చిక్కంతా మొదటిదానితోనే. "కట్టి" అన్నది క్త్వార్థకం, అంటే ఒక పని ముగించి మరొక పనికి పోతున్నట్టు చెప్పే అసమాపక క్రియ. అటువంటి క్రియ చివరి ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో నియమించాడు. ఆ లెక్కన కట్టి + ఇచ్చెను అన్నది యడాగమంతో "కట్టియిచ్చెను" అవుతుంది. నేటి రచనలో ఆ యకారం జారిపోయి, దాని చోట ఖాళీ మిగిలింది.

"అది కావ్యభాషకు చేసిన సూత్రం, వ్యావహారికానికి దానితో పనేమిటి?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సూత్రం ఉన్నది గనుక పాటించాలని నేననను. దాని వెనుక ప్రయోజనం ఏదైనా నేటికీ మిగిలి ఉన్నదా అన్నదే చూడవలసింది.

ముందుగా సంధి చేసినా నష్టం లేని చోటు చూద్దాం. "చీటీ వ్రాసిచ్చాడు", "కాఫీ తెచ్చిచ్చాడు", "లెక్క చేసిచ్చాడు". వీటిలో రెండు ఇకారాలు కలిసి ఒకటైనాయి, అంతే. ధాతువు స్పష్టంగానే ఉన్నది. పైగా ఇక్కడ "ఇచ్చు" తన సొంత బరువును చాలావరకు వదులుకొని, ఆ పని ఎదుటివారి కోసం జరిగిందని చెప్పే సహాయక్రియగా మారింది. "లెక్క చేసిచ్చాడు" అంటే చేతికి ఏదో అందించాడని కాదు గదా! ఇటువంటి చోట్ల కలిపి వ్రాయడాన్ని తప్పనడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు మళ్ళీ మన వాక్యానికి వద్దాం. "కట్టు" ధాతువుకు ప్రేరణార్థకం "కట్టించు". దాని భవిష్యద్రూపం "కట్టిస్తాడు". కట్టి + ఇస్తాడు అన్నదానికి సంధి చేసినా వచ్చేది "కట్టిస్తాడు" అనే. ఒక్క అక్షరమైనా తేడా లేదు. కాని అర్థాలు వేరు. కట్టిస్తానన్నవాడు కూలీలను పెట్టి కట్టడం జరిపిస్తానన్నాడు. కట్టి ఇస్తానన్నవాడు ఆ ఇంటిని ఆమె పరం చేస్తానని కూడా అన్నాడు. కథ ముందుకు పోయి, ఆ ఇల్లు ఎవరిదని అన్నాచెల్లెళ్ళు తగవు పడితే, తగవంతా ఈ సంధి మీదనే నిలుస్తుంది. రచయిత ఒకటి తలచి వ్రాస్తే పాఠకుడు మరొకటి చదువుతాడు. అది పాఠకుడి తప్పు కాదు.

"దర్జీ చొక్కా కుట్టిస్తాడు" అన్నా ఇదే అవస్థ. తానే కుట్టి ఇస్తాడా, మరొకరిచేత కుట్టిస్తాడా? భూతకాలంలో ఒక సున్న మనలను కాపాడుతుంది: కుట్టించాడు, కుట్టిచ్చాడు. అయితే రాయలసీమలోను, తెలంగాణలోను ప్రేరణార్థకాన్నే "కుట్టిచ్చినాడు", "కుట్టిచ్చిండు" అని పలికేవారున్నారు. ఆ మాండలికాలలో వ్రాసే కథకు ఆ సున్న రక్షణ కూడా ఉండదు.

కనుక నేను పెట్టుకున్న పరీక్ష ఇది. వ్రాయాలనుకున్న క్రియకు ప్రేరణార్థకం తలచుకోండి. వ్రాయిస్తాడు, చేయిస్తాడు, తెప్పిస్తాడు. ఇవి వ్రాసిస్తాడు, చేసిస్తాడు, తెచ్చిస్తాడు అన్నవాటికి దూరంగా ఉన్నాయి. సంధి చేసినా భయం లేదు. కట్టిస్తాడు, కుట్టిస్తాడు, చదివిస్తాడు అన్నచోట రెండూ ఒకటే. అక్కడ విడదీసి "కట్టి ఇస్తాడు" అనే వ్రాయాలి. సంభాషణలోనైనా సరే, ముందు వెనుకల సందర్భం అర్థాన్ని తేల్చనప్పుడు విడదీయడమే మేలు.

ఇకారం తరువాత వేరే అచ్చు వచ్చినప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. "చేసి ఉంటాడు" అన్నదాన్ని "చేసుంటాడు" అని వ్రాస్తే క్త్వార్థకానికి గుర్తయిన ఇకారమే మాయమవుతుంది. దానికీ, అలవాటును చెప్పే "చేస్తుంటాడు"కూ మధ్య మిగిలేది ఒక్క తకారపు వత్తు. టైపు చేసేటప్పుడు అది జారిపోతే "రోజూ చేస్తాడు" అన్న సమాచారం "చేసే ఉంటాడు" అన్న ఊహగా మారిపోతుంది.

చిన్నయసూరి సూత్రాన్ని శాసనంగా కాక హెచ్చరికగా చదువుకుంటే చాలునని నా అభిప్రాయం. ఇకారం నిలిచి, అర్థం చెడని చోట నోటికి వచ్చినట్టే కలిపి వ్రాద్దాం. ప్రేరణార్థకం పొంచి ఉన్నచోట మాత్రం ఆ ఖాళీని ఉండనిద్దాం. నా పరీక్షకు లొంగని క్రియ ఏదైనా మీకు తోస్తే తప్పక చెప్పండి.