తప్పు కుంతిదేనా?

ద్రౌపదికి ఐదుగురు భర్తలెందుకు అని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. భిక్ష తెచ్చామని కొడుకులు బయటి నుంచి చెప్పారు, కుంతి చూడకుండానే "అందరూ పంచుకోండి" అంది, తల్లి మాట దాటకూడదు కాబట్టి అలా జరిగిపోయింది.

నాకు ఈ జవాబు మీదే అనుమానం. వ్యాస భారతం ఆదిపర్వంలో ఆ వెంటనే ఏం జరిగిందో చూడండి. కుంతి కంగారుపడి, తన మాట అబద్ధం కాకుండా, ఈ అమ్మాయికి అధర్మం అంటకుండా దారి చెప్పమని ధర్మరాజుని అడుగుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, అర్జునుడితో "గెలిచింది నువ్వు, నువ్వే పెళ్లి చేసుకో" అంటాడు. అంటే తల్లి మాట పక్కన పెట్టడానికి ఆయన అప్పటికి సిద్ధమే! అర్జునుడే ఒప్పుకోడు, అన్నలుండగా తనకి ముందు పెళ్లేమిటంటాడు. అప్పుడు అందరి చూపూ ద్రౌపది మీద పడుతుంది. తమ్ముళ్ల ముఖాలు చూడగానే ధర్మరాజుకి సంగతి అర్థమైపోతుంది. అన్నదమ్ముల మధ్య చీలిక వస్తుందన్న భయంతో, ఈమె మనందరికీ భార్య అని తేల్చేస్తాడు.

అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం. మిగతావన్నీ తర్వాత వచ్చిన సమర్థనలు. ఒక మగవాడికి చాలామంది భార్యలుండటం విన్నాం గానీ ఇదెక్కడి చోద్యం అని ద్రుపదుడు నిలదీస్తే, ధర్మరాజు అమ్మ మాటతో పాటు ఏడుగురు ఋషుల్ని పెళ్లాడిన జటిల కథ కూడా చెప్తాడు. తర్వాత వ్యాసుడు ద్రుపదుణ్ణి లోపలికి తీసుకెళ్లి ఇంకో రెండు కథలు చెప్తాడు. పాండవులు పూర్వం ఐదుగురు ఇంద్రులు. ద్రౌపది పూర్వజన్మలో శివుణ్ణి ఐదుసార్లు వరం అడిగింది. కొన్ని వందల ఏళ్ల తర్వాత మీమాంసకుడు కుమారిలభట్టు, అసలు ఒకేలా ఉన్న వేర్వేరు ద్రౌపదులు ఉండి ఉండొచ్చని కూడా వాదించాడు! ఒక్క కారణమే సరిపోయి ఉంటే ఇన్ని ఎందుకు కావాల్సొచ్చాయి?

ధర్మరాజు భయం ఉత్తిది కాదు. పెళ్లయ్యాక నారదుడొచ్చి, తిలోత్తమ కోసం ఒకరినొకరు చంపుకున్న సుందోపసుందుల కథ చెప్పి హెచ్చరిస్తాడు. ద్రౌపదితో ఒకరు ఏకాంతంలో ఉండగా చూసిన తమ్ముడో అన్నో పన్నెండేళ్లు వనవాసం చెయ్యాలని నియమం పెట్టుకుంటారు. బ్రాహ్మణుడి గోవుల్ని కాపాడటానికి ఆయుధాల కోసం లోపలికెళ్లి అర్జునుడే ఆ నియమం తప్పుతాడు.

ఐదుగురూ చివరిదాకా విడిపోలేదు, నిజమే. కానీ ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు ద్రౌపదిని ఒక్కరూ అడగలేదు. నిండు సభలో కర్ణుడు ఆమెని కులట అన్నప్పుడు చూపించిన కారణం కూడా ఆ ఐదుగురు భర్తలే. నిర్ణయం ధర్మరాజుది, నింద ద్రౌపదిది. మనమేమో ఇప్పటికీ కుంతి నోటి తొందర గురించే మాట్లాడుకుంటున్నాం.