మారేది ధర, పరిమాణం కాదు

రిజర్వు బ్యాంకు ప్రతి శుక్రవారం సాయంత్రం మన విదేశీ మారక నిల్వల లెక్క బయటపెడుతుంది. మర్నాటి పత్రికల్లో అది నాలుగు అంకెల వార్త అవుతుంది: విదేశీ కరెన్సీ ఆస్తులు ఇంత, బంగారం ఇంత, ఐఎంఎఫ్ దగ్గరున్న రిజర్వు ఇంత, ఎస్‌డీఆర్‌లు ఇంత. ఎస్‌డీఆర్‌ల పక్కన ఓ వారం ‘పెరిగాయి’ అని, ఇంకో వారం ‘తగ్గాయి’ అని ఉంటుంది. చదివినవాళ్లు ప్రభుత్వం కొన్ని కొన్నదనో, కొన్ని అమ్మేసిందనో అనుకుంటారు. చాలా వారాల్లో కొన్నదీ ఉండదు, అమ్మిందీ ఉండదు.

2021 ఆగస్టులో ఐఎంఎఫ్ సభ్యదేశాలకు కొత్తగా ఎస్‌డీఆర్‌లు కేటాయించింది. మన వాటా కూడా కలిశాక మన దగ్గరున్నవి 1,366 కోట్ల ఎస్‌డీఆర్‌లు. అప్పటి రేటు ప్రకారం వాటి విలువ 1,941 కోట్ల డాలర్లు. 2022 సెప్టెంబరు చివరికి అదే పద్దు సుమారు 1,740 కోట్ల డాలర్లకు దిగింది. దాదాపు 200 కోట్ల డాలర్లు తగ్గినట్టు కనిపించినా మన ఎస్‌డీఆర్‌లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మారింది ఒక ఎస్‌డీఆర్‌కు ఎన్ని డాలర్లు అన్న లెక్క. 2021 ఆగస్టులో సుమారు 1.42 ఉన్నది, ఏడాది దాటేసరికి 1.28 దగ్గరికి వచ్చింది. ఈ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే శనివారం వార్తను మోసపోకుండా చదవొచ్చు.

ఎస్‌డీఆర్ అంటే స్పెషల్ డ్రాయింగ్ రైట్స్. 1969లో ఐఎంఎఫ్ దీన్ని సృష్టించినప్పుడు ఒక్కోదానికి 0.888671 గ్రాముల మేలిమి బంగారం విలువ కట్టింది. అప్పట్లో ఒక డాలరు విలువ కూడా అంతే. డాలరుకు, బంగారానికి ముడి తెగాక 1974లో 16 కరెన్సీల బుట్ట మీదికి మారింది. 1981లో ఆ పదహారు ఐదయ్యాయి. ఇప్పుడున్నవి డాలరు, యూరో, చైనా యువాన్, జపాన్ యెన్, బ్రిటిష్ పౌండు. యువాన్ 2016 అక్టోబరులో చేరింది. రూపాయి ఈ బుట్టలో లేదు.

ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది నేరుగా శాతాల్లోకి వెళ్లిపోతారు: డాలరు 43.38 శాతం, యూరో 29.31, యువాన్ 12.28, యెన్ 7.59, పౌండు 7.44. ఈ అంకెలు నిజమే, 2022 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన నిర్ణయంలో ఉన్నవే. కానీ వీటితో ఈరోజు ఎస్‌డీఆర్ విలువ ఎవరూ కట్టలేరు. దేనిలో 43.38 శాతం అని అడిగితే జవాబు ఉండదు, ఎందుకంటే మనం కనుక్కోవాల్సిందే ఆ మొత్తం. విలువ కట్టడానికి కావాల్సినవి శాతాలు కావు, పరిమాణాలు. 2022 ఆగస్టు 1 నుంచి ఒక ఎస్‌డీఆర్ అంటే 0.57813 డాలరు, 0.37379 యూరో, 1.0993 యువాన్లు, 13.452 యెన్లు, 0.080870 పౌండు. అన్నీ కలిపి ఒకటి. నెల సరుకుల చీటీ లాంటిదిది. చీటీలో కందిపప్పు రెండు కిలోలని రాసుకున్నాక ధర పెరిగినా తగ్గినా ఆ రెండు కిలోలు మారవు, మారేది చివర కట్టే బిల్లు.

ఈ బిల్లు ఎలా వేస్తారో ఒకసారి చేసి చూద్దాం. ఐఎంఎఫ్ పనిదినాల్లో లండన్ మధ్యాహ్నపు మారకపు రేట్లు తీసుకుంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి మనం రౌండ్ అంకెలు పెట్టుకుందాం: ఒక యూరోకు 1.10 డాలర్లు, ఒక పౌండుకు 1.27 డాలర్లు, ఒక డాలరుకు 7.20 యువాన్లు, ఒక డాలరుకు 150 యెన్లు.

డాలరు ముక్కకు మార్పిడి అక్కర్లేదు, అది 0.57813. యూరో ముక్క 0.37379ని 1.10తో గుణిస్తే 0.41117 డాలరు. పౌండు ముక్క 0.080870ని 1.27తో గుణిస్తే 0.10270. యువాన్, యెన్‌ల దగ్గర రేటు తిరగబడి ఉంటుంది కాబట్టి గుణించకూడదు, భాగించాలి. 1.0993ని 7.20తో భాగిస్తే 0.15268. 13.452ని 150తో భాగిస్తే 0.08968. ఐదూ కలిపితే 1.33436. ఆ రోజుకు ఒక ఎస్‌డీఆర్ అంటే 1.33436 డాలర్లు. స్కూలు పిల్లలు చేయగల లెక్కే. అయినా తప్పులు దొర్లుతాయి, ఎక్కువగా ఈ గుణకార భాగహారాల దగ్గరే. యెన్‌ను పొరపాటున గుణిస్తే ఆ ఒక్క ముక్కే 2,000 డాలర్లు దాటుతుంది కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. అదే యూరోను భాగిస్తే 0.33981 వస్తుంది, చూడ్డానికి సబబుగానే ఉంటుంది, తప్పు దాక్కుంటుంది. అందుకే ప్రతి ముక్క దగ్గరా రేటు ‘ఒక డాలరుకు ఇన్ని’ అని ఉందా, ‘ఒకదానికి ఇన్ని డాలర్లు’ అని ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

ఇప్పుడు ఈ బిల్లులో ఒక్కో కరెన్సీ వాటా ఎంతో చూడండి. యెన్ ముక్క 0.08968ని మొత్తం 1.33436తో భాగిస్తే 6.72 శాతం. ప్రకటించింది మాత్రం 7.59. ఎవరూ యెన్ వాటా తగ్గించలేదు. పరిమాణాలు ఖరారు చేసేటప్పుడు డాలరుకు సుమారు 133 యెన్లు వచ్చేవి, మన లెక్కలో 150 వస్తున్నాయి. చవకైన కరెన్సీ వాటా దానంతటదే కుంగుతుంది, బలపడినదాని వాటా దానంతటదే పెరుగుతుంది. 2024 జులైలో డాలరుకు 160 యెన్లు దాటిన రోజుల్లో ఈ వాటా ఇంకా కుంగింది. ప్రకటించిన శాతాలు ఆ నాటి ఫొటోలే. అవి ఇవాళ్టికీ అలాగే ఉన్నాయనుకుని లెక్క వేసేవాళ్లు తప్పు బుట్టను లెక్కిస్తున్నట్టే.

మరి శాతాలనే స్థిరంగా ఉంచి, పరిమాణాలను రోజూ సర్దితే పోదా అని అడగొచ్చు. ఒక దేశం 100 కోట్ల ఎస్‌డీఆర్‌ల అప్పు తీర్చాల్సి ఉందనుకోండి. 57.813 కోట్ల డాలర్లు, 37.379 కోట్ల యూరోలు, 109.93 కోట్ల యువాన్లు, 1,345.2 కోట్ల యెన్లు, 8.087 కోట్ల పౌండ్లు పక్కన పెట్టుకుంటే చాలు. రేట్లు ఎటు పోయినా దాని దగ్గరున్నదాని విలువ, తీర్చాల్సిన అసలు విలువ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. శాతాలు స్థిరమైతే ఈ సౌకర్యం పోతుంది. బలపడిన కరెన్సీని రోజూ కొంత అమ్మి, చవకైనదాన్ని రోజూ కొంత కొనాలి, ప్రతిసారీ ఖర్చు భరించాలి. స్థిర పరిమాణాల పద్ధతికి మూల్యం ఉంది, వాటాలు జారిపోతాయి. ఆ మూల్యం తక్కువేనని నా అభిప్రాయం.

ఆ జారుడును సరిచేయడానికే సాధారణంగా ఐదేళ్లకోసారి సమీక్ష చేస్తారు. కరోనా వల్ల గత సమీక్ష ఆలస్యమై 2022లో ముగిసింది. సమీక్షలో ముందు శాతాలు నిర్ణయిస్తారు, ఆ తర్వాత మూడు నెలల సగటు రేట్లతో వాటిని పరిమాణాలుగా మారుస్తారు. చివరగా, మార్పు జరిగే రోజు పాత బుట్ట విలువ, కొత్త బుట్ట విలువ సమానంగా ఉండేలా సర్దుతారు. లేకపోతే రాత్రికి రాత్రి ఎస్‌డీఆర్‌లు ఉన్నవాళ్లకు లాభమో నష్టమో వచ్చిపడుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. 2016లో యెన్ శాతం 8.33, పరిమాణం 11.900. 2022లో శాతం 7.59కి తగ్గింది, పరిమాణం మాత్రం 13.452కి పెరిగింది. యెన్ అంత చవకైంది కాబట్టి తక్కువ వాటా నింపడానికి కూడా ఎక్కువ యెన్లు కావాల్సి వచ్చాయి. శాతాన్ని, పరిమాణాన్ని కలిపేసి చదివేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎస్‌డీఆర్ పెరిగిందా తగ్గిందా అన్నదానికి ఒకే జవాబు ఉండదు. మన లెక్కలో యూరో ఒక్కటే 5 శాతం పడి 1.045 డాలర్లకు వచ్చిందనుకోండి. ఎస్‌డీఆర్ 1.33436 నుంచి 1.31381 డాలర్లకు, అంటే ఒకటిన్నర శాతం దిగుతుంది. అదే ఎస్‌డీఆర్‌ను యూరోల్లో చూస్తే 1.213 నుంచి 1.257కి, మూడున్నర శాతం పైగా ఎక్కుతుంది. 2022లో మన ఎస్‌డీఆర్‌ల పద్దు కుంగడానికి కారణం ఇదే. యూరో, పౌండు, యెన్ డాలరు ముందు బాగా పడ్డాయి, రిజర్వు బ్యాంకు లెక్క చెప్పేది డాలర్లలో.

విదేశాలకు వెళ్లొచ్చే మనవాళ్లకు ఎస్‌డీఆర్ తగిలేది విమానాశ్రయంలో. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా విమాన సంస్థ ఇవ్వాల్సిన పరిహారానికి మాంట్రియల్ ఒప్పందం పరిమితి పెట్టింది ఎస్‌డీఆర్‌లలోనే. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. మన లెక్కలోని రేటు ప్రకారం అది సుమారు 2,027 డాలర్లు, డాలరుకు 85 రూపాయలైతే దాదాపు లక్షా 72 వేల రూపాయలు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, నిజంగా జరిగిన నష్టం రుజువు చేసుకోవాలి. కోర్టుకెళితే మార్పిడి తీర్పు వచ్చిన రోజు రేటుతో జరగాలని ఒప్పందం చెబుతోంది, సామాను పోయిన రోజు రేటుతో కాదు.

పత్రికలకు ఒక విన్నపం. నిల్వల వార్తలో ఎస్‌డీఆర్‌ల డాలరు విలువతోపాటు వాటి సంఖ్య కూడా రాయండి. రిజర్వు బ్యాంకు నెలవారీ బులెటిన్‌లో అది దొరుకుతుంది. పాఠకులకు మరో మాట. సామాను పోతే విమాన సంస్థ చెప్పిన రూపాయల అంకెను అలాగే ఒప్పుకోకండి. ఎన్ని ఎస్‌డీఆర్‌లకు, ఏ రోజు రేటుతో కట్టారో రాతపూర్వకంగా అడగండి. సామాను పాడైతే చేతికందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే 21 రోజుల్లో ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు దాటితే ఎస్‌డీఆర్ రేటు ఎంతున్నా ఉపయోగం ఉండదు.