ఏడు చేపలూ, ఒక గడియారమూ

మా మేనల్లుడు బొమ్మల సినిమాలు తీస్తాడు. "తీస్తాడు" అన్నానేగాని, నిజానికి గీస్తాడు. ఉద్యోగం మానుకుని మరీ గీస్తున్నాడు. వాడి తల్లి, అంటే మా చెల్లెలు, ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు ఫోను చేస్తుంది, నేనేదో చేయించినట్టు.

కిందటేడు వాడికొక దెబ్బ తగిలింది. ఒక చిన్న కథ తీసుకుని, మొదటినుంచీ చక్కగా రంగులతో సహా గీసుకుంటూ పోయాడు. సెకనుకి 24 ఫ్రేములుట. ఒక్కొక్క బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 బొమ్మలు గియ్యాలి. వాడు రోజుకి 16 గియ్యగలడు. అల్లా నెల రోజులు కూర్చుని 40 సెకన్లు పూర్తిచేసి, వేసి చూసుకుంటే కథ కదలడం లేదు. 480 బొమ్మలూ అవతల పారేశాడు.

ఇది వీడి ఒక్కడికే జరిగిన ముచ్చట కాదు లెండి. డిస్నీ వారి "స్నో వైట్"లో మరుగుజ్జులు సూపు జుర్రుకునే ఘట్టం ఒకటి ఉండేది. వార్డ్ కింబాల్ అనే ఆయన దాన్ని పెన్సిలుతో కదిలేటంతవరకూ గీశాడు. కథ అక్కడ సాగుతోందని డిస్నీ దాన్ని తీసేశాడు. 1937లో బొమ్మ విడుదలైనప్పుడు ఆ సూపు లేదు. బొమ్మ ఎంత బాగా గీసినా నిడివి తప్పితే పనికిరాదన్న మాట.

అంచేత ఈసారి మావాడు బుద్ధిగా ముందు చిత్తుప్రతి తయారుచేశాడు. దాన్ని యానిమేటిక్ అంటారు. కథ మనందరికీ తెలిసిన ఏడు చేపల కథే. పోటీకి పంపాలి, నిడివి రెండు నిమిషాలు దాటకూడదు.

ముందు కథంతా 46 గళ్ళలో పెన్సిలుతో గీశాడు. కాళ్ళూ చేతులూ పుల్లలు, ముఖాలు సున్నాలు. తరవాత మాటలు కావాలి. "మామయ్యా, నువ్వు చదువు" అన్నాడు. నా గొంతు సినిమాలో ఉంటుందేమోనని కాస్త సవరించుకున్నాను. "ఇది స్క్రాచ్ ట్రాక్ మామయ్యా. కొలతకోసం. తరవాత తీసేస్తాం" అన్నాడు నిర్దాక్షిణ్యంగా. వీధిలో మోటారు సైకిళ్ళ రొద వినబడకుండా నన్నొక దుప్పటికింద కూర్చోబెట్టి, రాకుమారుడూ, చేపా, ఆవూ, అవ్వా, చీమా అందరి మాటలూ నాచేతే చదివించాడు. మా ఆవిడ కాఫీ తెచ్చి, దుప్పటిలోంచి ఆవు మాట్లాడుతూంటే గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ శబ్దాన్ని కంప్యూటరులో పరిచి, ఏ మాటకా మాట ముక్కలుగా కోశాడు. కొయ్యకపోతే మధ్య ఖాళీలు నావే అవుతాయట. నేను ఊపిరి పీల్చుకున్న చోటల్లా సినిమా ఊపిరి పీలుస్తుంది. ప్రతి ముక్కమీదా దాని తాలూకు గడి బొమ్మ పెట్టాడు. అంతే. కదలిక లేదు, రంగు లేదు. బొమ్మ తరవాత బొమ్మ, వెనక నా గొంతు.

మొదటిసారి 168 సెకన్లు వచ్చింది. వేట, చేపలు పట్టడం, ఎండబెట్టడం 40, ఏడు ప్రశ్నలూ ఒక్కొక్కటి 16 చొప్పున 112, చివర 16. ఆరేళ్ళ మా మనవరాల్ని కూర్చోబెట్టి, మధ్యలో ఆపకుండా వేశాడు. వాడు తెరకేసి చూడలేదు, పిల్లకేసి చూశాడు. గొల్లవాడి దగ్గరికొచ్చేసరికి అది కిటికీలోంచి పిల్లిని చూస్తోంది. కాగితంమీద రాసుకున్నాడు. "ఆ రాజుగారి కొడుకులు అంతసేపు గుర్రాలెక్కుతూ కూచుంటే చేపలు కుళ్ళిపోవుట్రా?" అంది మా ఆవిడ. అదీ రాసుకున్నాడు.

జబ్బు ఇదీ: ఏడు ప్రశ్నలూ ఒకే కొలత. వినేవాడికి మొదటి ప్రశ్నతో వరస పట్టుబడుతుంది. రెండోది దాన్ని గట్టిపరుస్తుంది. ఆపైన వాడు మనకంటె ముందే నడుస్తూంటాడు, మనం వెనకాల ఈడుస్తూంటాం. అందుకని మావాడు చేపకి 16 సెకన్లు అల్లాగే ఉంచి, గడ్డిమేటుకి 13, ఆవుకి 11, గొల్లవాడికి 9, అవ్వకి 8, పిల్లవాడికి 8 చేశాడు. రాకుమారుడు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి నడిచివెళ్ళే గళ్ళు పీకేశాడు. తల తిప్పితే చాలు, ఎదురుగా ఆవు. ఆవు దగ్గర్నుంచి ప్రశ్న కూడా పూర్తిగా లేదు, "నువ్వో?" అంతే. ఒక్క చీమకి మాత్రం తొందర పెట్టలేదు, 15. వేట 22 అయింది, చివర 12. అన్నీ కలిపితే 114. పేర్లు వెయ్యడానికి ఆరు సెకన్లు మిగిలింది.

తగ్గిన 54 సెకన్లంటే 648 బొమ్మలు. మావాడి లెక్కన 40 రోజుల చాకిరీ. గళ్ళు జరపడానికి పట్టినది ఒక్క సాయంకాలం.

కాని ఈ చిత్తుప్రతి అబద్ధం కూడా చెబుతుంది. గుర్రం దిగడం ఒక గడిలో గీసి ఒక సెకను ఇచ్చాడు. చూస్తూంటే సరిగ్గానే ఉంది. అనుమానం వచ్చి, గడియారం నాచేతికిచ్చి, మా మంచం కోడుమీదనుంచి తను దిగి చూపించాడు. మూడు సెకన్లు. నిలబడిన బొమ్మకి బరువుండదు కనక ఎంత సేపైనా చాలినట్టే కనబడుతుంది. ఇల్లాంటి చోట ఒక్క గడి చాలదు: కాలెత్తడం, దూకడం, నేలమీద నిలబడడం వేరువేరుగా గీసి కొలవాలి. దీని తలకిందులు కూడా ఉంది. అవ్వ ముఖం రెండు సెకన్లు నిలబెడితే బొమ్మ చచ్చిపోయినట్టుంటుంది. అక్కడ కత్తెర వెయ్యకూడదు. రేపు ఆవిడ కళ్ళు కదిలితే ఆ రెండు సెకన్లూ నిండుతాయి.

రెండోసారి చూపించాక పిల్లని అడిగాడు, "అన్నం పెట్టనిది ఎవరే?" అని. తెలీదంది. అవ్వ తెరమీద సెకనున్నరే ఉంది, ఆపైన మాట మొదలైపోయింది. ముందు బొమ్మ కనబడి, అదెవరో తెలిశాక మాట వినబడాలి. అవ్వ మాటని అర సెకను వెనక్కి జరిపి, ఆ అర సెకనూ వేటలోంచి లాగాడు.

ఇక చీమ. పుట్టలో వేలు పెట్టిన పిల్లవాడు ఏడుస్తాడు. రాకుమారుడు వంగి చీమని అడుగుతాడు. చీమ జవాబు చెప్పేముందు నిశ్శబ్దం. ఎంతసేపు? ఒక సెకను ఇస్తే మిగతా జవాబుల్లో అదీ ఒకటి. మూడిస్తే మనవరాలు "ఆగిపోయిందా తాతయ్యా?" అంది. రెండిస్తే నోరు తెరుచుకుని తెరకేసి వంగింది. రెండు ఖాయం చేశాడు.

పోయిన వారం అసలు గొంతులు రికార్డు చేశారు. అవ్వ వేషానికి పిలిచిన ముసలావిడ ఒక్కొక్క మాటా నమిలి నమిలి పలికింది. నేను నాలుగు సెకన్లలో చదివినది ఆవిడకి ఆరైంది. బాగుంది మరి, ఏం చేస్తాం? మావాడు మళ్ళీ గళ్ళన్నీ జరిపి, ఆ రెండు సెకన్లూ గడ్డిమేటు దగ్గర తగ్గించాడు. పెదవుల కదలిక ఒక్కటీ ఇంకా గియ్యలేదు కనక నష్టం లేదు. నా గొంతుకి గీసి ఉంటే అదంతా గంగలో పోసినట్టే.

నిన్న మొదటి శుద్ధబొమ్మ గీశాడు. స్క్రాచ్ ట్రాకులో నావి ఒక్కొక్క ముక్కే తీసేస్తూంటే పక్కనే కూర్చున్నాను. చీమ మాట దగ్గర ఆగి, "ఇది ఉంచేద్దామా మామయ్యా?" అన్నాడు. చీమ గొంతు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట.