అరువు బాకీలకు మొత్తపు ఖాతా

ఆవర్జాలో తేడా వచ్చినప్పుడు ఖాతాలన్నీ తిరగవేయుట వృథా శ్రమయని మా అభిప్రాయము. దుకాణదారుల బాకీలన్నిటికీ ఒక మొత్తపు ఖాతా ఉంచి, విడి ఖాతాల నుండి కాక, చిఠ్ఠా మొత్తముల నుండి నెలనెలా వ్రాయవలెను.

పాత బాకీ రూ. 4,200, అరువు అమ్మకము 6,800, వసూలు 5,350, వాపసు చీరలు 150 అనుకొందము. నిలువ 5,500 ఉండవలెను. విడి ఖాతాల కూడిక 5,770 వచ్చినచో తేడా 270. ఇది తొమ్మిదింట శేషము లేక భాగింపబడుచున్నది గనుక అంకెలు తారుమారైనవేమో చూడవలెను. ఆ నెల వసూళ్లు సరిచూడగా 630 జమ 360గా పడినట్లు తేలును. లేనిచో ఇచ్చిన సొమ్మునే ఆ దుకాణదారుని మరల అడుగుదుము.

నూలు వర్తకులకు మనమీయవలసిన బాకీలకును ఇట్టి ఖాతాయే ఉండవలెను. ఒకరి జమ మరొకరి పేర పడినచో మాత్రము మొత్తములు సరిపోవును. అది పట్టుటకు ఎవరి లెక్క వారికి చూపి సంతకము తీసికొనవలసినదే.